కూరగాయల మార్కెట్ హాల్ రెండర్‌లో ఎంతమందిని, ఎక్కడ నిలబెట్టాలి?

ఒకసారి కప్పున్న మార్కెట్ హాల్ ఒకటి రెండర్ చేశాను. కెమెరా మనిషి కంటి ఎత్తులో ఉంది. తొంభై మందిని పెట్టేసరికి నడవలు కిటకిటలాడాయి, క్లయింట్‌కి కూడా నచ్చింది. మర్నాడు "పైనుంచి ఒక వ్యూ ఇవ్వండి" అన్నారు. కెమెరా పైకి ఎత్తి చూస్తే హాలంతా బంద్ రోజులా బోసిపోయి ఉంది. హడావిడిగా జనాన్ని మూడింతలు చేశాను. పైనుంచి బాగానే ఉంది గానీ, కింది వ్యూలో కెమెరా ముందు నాలుగు వీపులు తప్ప ఏమీ కనిపించలేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, జనాన్ని కెమెరాలోంచి చూస్తూ కంటి అంచనాతో నింపాను. ఖాళీ నేల ఎంతుందో లెక్కేసి నింపి ఉంటే రెండు వ్యూలూ ఒకే హాలులా కనిపించేవి. ఆ లెక్క ఎలా వేయాలో, ఆ జనం మీద పగటి వెలుతురు ఎలా పడాలో ఒక హాలు కొలతలతో చూద్దాం. నేను వాడేది బ్లెండర్, సైకిల్స్. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి మెనూ పేర్లు మారతాయి, లెక్కలు మారవు.

ముందు నేల గీయండి

హాలు 24 మీటర్ల వెడల్పు, 48 మీటర్ల పొడవు అనుకుందాం. పక్కలకి గోడలు లేవు, స్తంభాలే. ప్రతి 6 మీటర్లకి ఒక ట్రస్సు. స్తంభం దగ్గర కప్పు ఎత్తు 5 మీటర్లు, వాలు 20 డిగ్రీలు, అంటే మధ్యలో కొప్పు సుమారు 9.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చూరు స్తంభాలు దాటి 1.5 మీటర్లు బయటికి వచ్చింది కాబట్టి, చూరు అంచు 4.45 మీటర్ల ఎత్తులో ఆగుతుంది. ఈ చివరి అంకె గుర్తుంచుకోండి, ఎండ దగ్గరికి వచ్చినప్పుడు కావాలి.

అంగళ్లని పొడవునా మూడు దీవుల్లా పెట్టండి. ఒక్కో దీవి 4.5 మీటర్ల వెడల్పు: అటొక బల్ల, ఇటొక బల్ల, ఒక్కోటి 1.25 మీటర్లు, మధ్యలో అమ్మేవాళ్లు మసలడానికి 2 మీటర్లు. దీవుల మధ్య రెండు నడవలు 3 మీటర్లవి, హాలు అంచుల్లో రెండు నడవలు 2.25 మీటర్లవి. పొడవులో రెండు చివర్లా, నడుమా 3 మీటర్ల అడ్డదారులు వదిలితే బల్లల వరసకి 39 మీటర్లు మిగులుతుంది. అందులో ఒక్కో సగానికి 2.6 మీటర్ల అంగళ్లు ఏడు పట్టి, అమ్మేవాళ్లు లోపలికి వెళ్లే సందు ఒకటి మిగులుతుంది. ఆరు వరసలు, వరసకి పద్నాలుగు, మొత్తం 84 అంగళ్లు.

ఇప్పుడు అసలు అంకె. హాలు మొత్తం 1,152 చదరపు మీటర్లు. కానీ కొనేవాళ్లు నడవగలిగే నేల నడవలూ అడ్డదారులూ కలిపి 625 చదరపు మీటర్లే. దాదాపు సగం బల్లలకీ, వాటి వెనక చోటుకీ పోయింది. మొత్తం వైశాల్యంతో గుణించి జనాన్ని పోసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వాళ్లకి రెట్టింపు మంది వస్తారు, అందులో సగంమంది బల్లల్లోంచి మొలుస్తారు.

ఎంతమంది?

మనుషులు నడిచే చోట ఒక్కొక్కరికి ఎంత నేల ఉంటే ఎలా నడుస్తారో జాన్ ఫ్రూయిన్ 1971లో అంచెలుగా విడదీశాడు. ఆ అంచెలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మనిషికి 3.25 చదరపు మీటర్ల కంటే ఎక్కువ ఉంటే ఎవరి దారి వారిది. 2.3కి అటూఇటూ ఉంటే ఎదుటివాళ్లని చూసుకుంటూ నడవాలి. 1.4 కంటే తగ్గితే ఒకరిని దాటి వెళ్లడం కష్టం. 0.5 కంటే తగ్గితే అది నడక కాదు, తోపులాట.

సందడిగా ఉన్నా చేతిసంచీతో తిరగగలిగే మార్కెట్‌కి నేను చదరపు మీటరుకి సగటున 0.4 మంది తీసుకుంటాను, అంటే మనిషికి 2.5 చదరపు మీటర్లు. 625ని 0.4తో గుణిస్తే 250 మంది కొనేవాళ్లు. అమ్మేవాళ్లు వీళ్లకి అదనం. కొన్ని అంగళ్లలో ఇద్దరుంటారు కాబట్టి వంద మంది అనుకోండి. అప్పుడే తెరిచిన హాలు చూపించాలంటే 0.15 చాలు. పండగ ముందురోజు రద్దీ కావాలంటే 0.8 దాకా వెళ్లండి. అంతకు మించితే బల్లలు కనిపించవు, మీరు గీసిన హాలూ కనిపించదు.

సగటు ఎక్కడా కనిపించకూడదు

250 మందిని 625 చదరపు మీటర్ల మీద సమంగా చల్లితే నారు నాటినట్టు ఉంటుంది. జామెట్రీ నోడ్స్‌లో `Distribute Points on Faces` నోడ్‌ని `Poisson Disk` మోడ్‌లో పెట్టి వదిలేస్తే వచ్చేది అదే. ఎవరూ ఎవరినీ తగలరు, ఎవరూ ఎవరి దగ్గరా ఉండరు. మార్కెట్‌లో జనం అలా ఉండరు. ఒక అంగడి దగ్గర మూగుతారు, పక్క అంగడి ఈగలు తోలుకుంటుంది.

అందుకే వాళ్లని రెండుగా విడదీయండి. సగం మంది, 125, బల్లల ముందు నిలబడ్డవాళ్లు. మిగతా 125 మంది నడిచేవాళ్లు. నిలబడ్డవాళ్లని చదరపు మీటర్లతో కాదు, అంగళ్లతో పంచాలి. 84 అంగళ్లలో 24 ఖాళీ. 26 చోట్ల ఒక్కొక్కరు, 17 చోట్ల ఇద్దరేసి, 9 చోట్ల ముగ్గురేసి, 5 చోట్ల నలుగురేసి, 3 చోట్ల ఆరుగురేసి. చేత్తో పంచే ఓపిక లేకపోతే ఇది చాలు:

```python
import random
random.seed(7)
counts = [0]*24 + [1]*26 + [2]*17 + [3]*9 + [4]*5 + [6]*3
random.shuffle(counts)
print(len(counts), sum(counts))
```

చివరి వరస `84 125` చూపించాలి. `seed` అంకె మారిస్తే పంపకం మారుతుంది. ఆరుగురున్న అంగళ్లలో ఒకటి కెమెరాకి ఏడెనిమిది మీటర్ల దూరంలో పడేదాకా మార్చుకుంటూ పోండి. ఇందులో మోసమేమీ లేదు. ఫొటో తీసేవాడు కూడా గుంపు ఎక్కడుందో చూసుకునే నిలబడతాడు.

నిలబడ్డవాళ్ల పాదాలు బల్ల అంచుకి 30, 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అందరూ బల్లకి సూటిగా తిరగకూడదు. ఒంటిని ఇరవై ముప్ఫై డిగ్రీలు అటూఇటూ తిప్పండి. ముగ్గురు దాటాక బల్ల ముందు చోటు చాలదు, నాలుగోవాళ్లు వెనక నిలబడి వాళ్ల భుజాల మీదుగా చూస్తారు. ఆరుగురున్న చోట గుంపు నడవలోకి ఉబ్బుతుంది, నడిచేవాళ్లు దాన్ని చుట్టి వెళ్లాలి. ఈ ఒక్క ఉబ్బు సరిగ్గా వస్తే మిగతా జనం మీద ఎవరికీ అనుమానం రాదు.

నడిచే 125 మందిలో సగం మందిని జంటలు చేయండి, 60, 70 సెంటీమీటర్ల ఎడంతో, ఒకే దిక్కుకి. ఒంటరివాళ్లకి చుట్టూ ఆ ఎడం కంటే ఎక్కువే వదలండి. రెండు దిక్కులా నడిచే నడవలో ఎదురెదురుగా వచ్చేవాళ్లు కలగాపులగంగా ఉండరు, ఒకరి వెనక ఒకరు చేరి సన్నని పాయల్లా విడిపోతారు. మీ సీన్‌లోనూ అలాగే పెట్టండి.

కింద కిక్కిరిసిన హాలు పైనుంచి ఎందుకు బోసిపోతుంది

నా తొంభై మంది కథకి జవాబు ఒక చిన్న సూత్రంలో ఉంది. కంటి ఎత్తులో చూపు ఎవరో ఒకరికి తగిలి ఆగేదాకా సగటున వెళ్లే దూరం ఇది:

```
దూరం = 1 / (సాంద్రత × మనిషి వెడల్పు)
```

నడిచేవాళ్ల నేల, బల్లల ముందు 70 సెంటీమీటర్ల పట్టీ తీసేస్తే, సుమారు 460 చదరపు మీటర్లు. 125 మందికి సాంద్రత 0.27. భుజాల వెడల్పు 0.45 మీటర్లు అనుకుంటే దూరం సుమారు 8 మీటర్లు. అంటే నడవ మధ్యలో నిలబడ్డ కెమెరాకి 8 మీటర్లకే చూపు చాలావరకు మూసుకుపోతుంది. 24 మీటర్ల అవతల ఉన్నది ఇరవైలో ఒక వంతే కనిపిస్తుంది. అక్కడ ఎవరూ లేకపోయినా కింది వ్యూలో తెలియదు. కెమెరా 5 మీటర్లు పైకి వెళ్తే ఒకరి తల ఇంకొకరికి అడ్డం రాదు, దాచుకున్న ఖాళీ అంతా బయటపడుతుంది.

దీనివల్ల మీకో లాభం కూడా ఉంది. కంటి ఎత్తు వ్యూ ఒక్కటే ఇవ్వాల్సి ఉంటే మంచి 3డి మనుషులు మొదటి 8, 10 మీటర్లలోనే కావాలి. ఆ వెనక తక్కువ పాలిగాన్ల మోడల్స్ చాలు. కానీ తలల లెక్క మాత్రం తగ్గించకండి.

మోడల్స్ పాతిక ముప్ఫై రకాలుంటే 250 మందికి సరిపోతాయి. దగ్గరి పది మీటర్లలో మాత్రం ఒకే మనిషి రెండుసార్లు రాకూడదు. కవలల్ని పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటుంది: మనుషులందరికీ నల్ల మెటీరియల్, మిగతా సీన్‌కి తెల్లది వేసి చిన్న సైజులో రెండర్ చేస్తాను. రంగులు పోయాక ఒకే భంగిమలో ఉన్న రెండు ఆకారాలు వెంటనే కంట్లో పడతాయి. చొక్కా రంగు మార్చినంత మాత్రాన కవలలు కాకుండా పోరు. కెమెరా వైపు చూస్తున్నవాళ్లు ఉంటే వాళ్ల తలలు కూడా ఇప్పుడే తిప్పేయండి.

ఎండ ఎక్కడిదాకా వస్తుంది

సూర్యుణ్ణి 40 డిగ్రీల ఎత్తులో, హాలు పొడవైన పక్కకి ఎదురుగా పెడదాం. `Sky Texture`లో `Sun Elevation` 40. చూరు అంచు 4.45 మీటర్ల ఎత్తులో ఉంది కదా, దాని నీడ 5.3 మీటర్ల దూరంలో పడుతుంది. చూరు బయటికొచ్చిన 1.5 తీసేస్తే, ఎండ స్తంభాల నుంచి 3.8 మీటర్లు లోపలికి వస్తుంది. అది నేల మీది లెక్క. 80 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద 2.85 మీటర్ల దగ్గరే ఆగుతుంది. బల్ల 2.25 దగ్గర మొదలవుతుంది కాబట్టి, ఎండవైపు మొదటి బల్ల మీద ముందరి 60 సెంటీమీటర్ల కూరగాయలకే ఎండ తగులుతుంది. రెండర్‌లో బల్లంతా ఎండలో మెరుస్తుంటే చూరో సూర్యుడో తప్పు. సూర్యుణ్ణి 55 డిగ్రీలకి ఎత్తితే ఎండ బల్లనే తాకదు. కప్పు వేసుకునేదే అందుకు.

ఇక కప్పు మధ్యలో వెలుతురు కోసం పెట్టే పారదర్శకమైన రేకులు. ప్రతి రెండు ట్రస్సుల మధ్య, వాలు నడిమిన, మీటరు వెడల్పు రేకు ఒకటి పెట్టండి. అడ్డంగా కొలిస్తే స్తంభం నుంచి 4 మీటర్ల దగ్గర మొదలై 8 దగ్గర ఆగాలి. దాని కింద ఎండ పట్టీ ఎక్కడ పడుతుంది? చాలామంది సరిగ్గా రేకు కిందే ఊహిస్తారు. రేకు 7 మీటర్ల పైన ఉంది, ఎండ ఏటవాలుగా వస్తోంది. పట్టీ ఎనిమిదిన్నర మీటర్లు పక్కకి జరిగి, 11.7 నుంచి 17.4 మీటర్ల మధ్య పడుతుంది. 4 మీటర్ల రేకు 5.7 మీటర్ల పట్టీ అయింది. అంటే మధ్య దీవిలో ఒక బల్లా, దాని పక్క నడవా, ప్రతి 6 మీటర్లకి ఒకసారి ఎండలో ఉంటాయి. కెమెరా పెట్టాల్సిన నడవ అదే. ఎదురు వాలు మీద ఉన్న రేకుల ఎండ మాత్రం హాలు దాటి బయటికి పోతుంది. రెండు వాలుల నుంచీ నేల మీద పట్టీలు పడుతున్నాయంటే ఎవరో చేత్తో లైట్లు పెట్టారన్నమాట.

పట్టీ అంచు కత్తితో కోసినట్టు ఉండకూడదు. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీకి కొంచెం ఎక్కువ వెడల్పు ఉంటుంది. రేకు నుంచి నేలకి ఎండ దారి 11 మీటర్లు కాబట్టి అంచు 10 నుంచి 16 సెంటీమీటర్ల మేర కరిగిపోతుంది. బల్ల మీద చేతి నీడ మాత్రం పదునుగానే ఉంటుంది. సన్ లైట్ వాడేవాళ్లు `Angle`ని 0 చేయకండి, 0.53 ఉండాలి.

రేకుకి గ్లాస్ షేడర్ వేయకండి. మందం లేని ప్లేన్ మీద `Transparent BSDF`, `Translucent BSDF` కలిపి, మొదటిది అరవై వంతులు, రెండోది నలభై పెడితే కొంచెం మసకబారిన రేకు వస్తుంది. నేల మీద పట్టీ కూడా ఉంటుంది, రేకూ మెరుస్తుంది. గ్లాస్ వేస్తే పట్టీ సరిగ్గా రాదు సరికదా, చుక్కచుక్కల నాయిజ్‌తో రాత్రంతా వృథా.

ఎక్స్‌పోజర్

బయటి ఎండకీ హాలు మధ్య నీడకీ మధ్య ఐదారు స్టాపుల తేడా ఉంటుంది. రెండూ బాగా కనిపించాలని లోపల ఏరియా లైట్లు పెడితే మార్కెట్ కాస్తా షోరూమ్ అవుతుంది. నడవ నీడలో, నేల మీద 0.18 విలువ బూడిదరంగు ప్లేన్ ఒకటి పరవండి. `View Transform`ని `False Color` చేసి, ఆ ప్లేన్ బూడిదరంగులో కనిపించేదాకా `Exposure` జరపండి. తర్వాత ప్లేన్ తీసేసి `AgX`కి తిరిగి రండి. హాలు పక్కల్లో బయటి నేల దాదాపు తెల్లబడుతుంది, పడనివ్వండి. లోపల నిలబడి ఫొటో తీస్తే అలాగే వస్తుంది. ఎండ పట్టీలు కూడా తెల్లగా పేలిపోతుంటే అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గించండి, అంతకంటే వద్దు.

ఇంకా లోపల చీకటిగా ఉందంటే చూడాల్సింది కప్పు అడుగు రంగు, నేల రంగు. పొడి కాంక్రీటు ముప్ఫై నలభై శాతం వెలుతురు తిప్పి పంపుతుంది. తడిస్తే సగానికి పడిపోతుంది. నేలంతా తడిపేసి మెరుపు తెచ్చుకుందామనుకుంటే హాలు చీకటవుతుంది. తడి బల్లల చుట్టూ మరకల్లా ఉంటే చాలు. `Diffuse` బౌన్సులు 4 ఉంటే 8 చేయండి, కప్పు అడుగు తేటపడుతుంది.

ఎండ పట్టీలో నిలబడ్డవాళ్లు తప్పకుండా 3డి మనుషులే కావాలి. ఫొటో కటౌట్‌ల మీద ఎండ ఎటునుంచి పడిందో ముందే అచ్చయి ఉంటుంది. నీడలో వెనక వరసల్లో అయితే అవి సాగిపోతాయి. పాదాల కింద నీడ ఉందో లేదో దగ్గరికి జూమ్ చేసి చూడండి. రెండు సెంటీమీటర్లు తేలినా ఎండలో ఇట్టే తెలుస్తుంది.

బల్ల మీద

కూరగాయల గురించి తక్కువే చెబుతాను. 6 సెంటీమీటర్ల టమాటాలు ఒక బల్లంతా పరవాలంటే పైపొరకే వెయ్యి పడతాయి. లోపల గుట్ట ఆకారంలో మెష్ పెట్టి, పైన ఒక్క పొర ఇన్‌స్టెన్సులు చల్లండి. సైజులో పది పదిహేను శాతం తేడా, రంగులో `Object Info` నోడ్ `Random`తో కొంచెం తేడా ఇవ్వండి. దగ్గరి ఏడెనిమిది అంగళ్లకే ఈ శ్రమ.

ఒక్క పని మాత్రం ఓపికగా చేయండి. జనం ఎక్కువున్న అంగళ్ల దగ్గర గుట్టని కొనేవాళ్ల వైపు నుంచి తవ్వండి. చేతులు పెట్టి ఏరుకున్న చోట గుంట పడి, నాలుగు కాయలు అంచుకి దొర్లి ఉండాలి. ఖాళీగా ఉన్న 24 అంగళ్ల గుట్టలు నిండుగా, పేర్చినట్టే ఉండనివ్వండి. `counts` జాబితాలోని అంకెనే గుంట లోతుకి కట్టేస్తే, ఆరుగురున్న బల్ల దానంతటదే ఎక్కువ తరుగుతుంది.